88 ముఖాల ఫ్లెక్సీ, 11 సీట్లు: విజయనగరం సైనిక్ కోచింగ్ సెంటర్ల బ్రాండ్ లెక్క

కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో విజయనగరం పక్కన మొదలైంది. అప్పటి నుంచి ఆ బడిలో ఆరో తరగతి సీటు అంటే ఉత్తరాంధ్ర కుటుంబాల్లో ఒక ప్రత్యేకమైన ఆశ. ఆ ఆశ చుట్టూ పట్టణంలో పుట్టిన కోచింగ్ సెంటర్లు పలాస, టెక్కలి, పాలకొండ, చీపురుపల్లి వంటి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలను ఏడాది పాటు హాస్టల్లో ఉంచుకొని సైనిక్, నవోదయ ప్రవేశ పరీక్షలకు తయారు చేస్తాయి. నీట్, జేఈఈ కోచింగుకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ పదిహేడేళ్ల విద్యార్థి తానే విచారించి, తోటివాళ్లను అడిగి, ఒక సంస్థను ఎంచుకోగలడు. ఇక్కడ చదివేది పదేళ్ల పిల్లవాడు, ఎంచుకునేది తల్లిదండ్రులు, ఆ ఎంపిక తప్పయితే వచ్చే ఇబ్బంది పడేది మాత్రం పిల్లవాడు. అందువల్ల ఫలితాల ప్రకటన, మాస్టార్ల పేరు, తల్లిదండ్రుల నమ్మకం అనే మూడింటి మధ్య ఏ కోచింగ్ సంస్థలోనైనా ఉండే పోటీ ఈ రంగంలో మరింత స్పష్టంగా బయటపడుతుంది.

సంస్థల యజమానులు సాధారణంగా ఈ మూడింటినీ ఒకే ఫ్లెక్సీ మీద చోటు కోసం కొట్లాడే విషయాలుగా చూస్తారు. నడిమధ్యన పెద్ద అంకె, చుట్టూ పిల్లల ఫొటోలు, కింద 'అనుభవజ్ఞులైన అధ్యాపకులు' అన్న ఒక వరుస, ఇంకా చోటు మిగిలితే 'తల్లిదండ్రుల నమ్మకమే మా బలం' అన్న మరో వరుస. నిజానికి తల్లిదండ్రులు ఈ మూడింటినీ ఒకే సమయంలో చూడరు. అంకె వారి చేత ఫోన్ చేయిస్తుంది, మాస్టారి పేరు ఫీజు కట్టిస్తుంది, నమ్మకం మాత్రం ఆ ఏడాదంతా పరీక్షకు నిలిచి, రెండో బిడ్డను చేర్పించాలా వద్దా అన్న నిర్ణయంలో బయటికి వస్తుంది. ఈ వరుసను గుర్తించని సంస్థ తన ఖర్చంతా మొదటి మెట్టు మీదే పెట్టి, మిగతా రెండు మెట్ల పని కూడా అంకెతోనే చేయించాలని చూస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

'క్వాలిఫై' అంటే ఏమిటి, సీటు అంటే ఏమిటి

అంకె ఎలా పెరుగుతుందో తెలియాలంటే పరీక్ష తీరు కొంత తెలియాలి. అఖిల భారత సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్షను ఇప్పుడు నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తోంది. ఆరో తరగతి ప్రవేశానికి 125 ప్రశ్నలు, 300 మార్కులు. అందులో గణితమే 150 మార్కులు. ఇంటెలిజెన్స్, భాష, సామాన్య విజ్ఞానం ఒక్కొక్కటి 50 మార్కుల చొప్పున ఉంటాయి. తప్పు సమాధానానికి మార్కులు తీయరు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులను మినహాయిస్తే, అర్హత పొందడానికి ప్రతి విభాగంలో 25 శాతం, మొత్తం మీద 40 శాతం, అంటే 120 మార్కులు రావాలి. నాలుగు ఐచ్ఛికాల్లో ఏదో ఒకటి గుడ్డిగా గుర్తిస్తూ పోయినా సగటున 300కు 75 మార్కులు పడతాయన్నది సాధారణ గణితం. కాబట్టి ఏడాది కోచింగ్ తీసుకున్న పిల్లవాడు 120 దాటడం మంచిదే గాని, దాన్ని ఘనవిజయంగా చూపించడం కష్టం.

అర్హత పొందినంత మాత్రాన సీటు రాదు. ఒక్కో స్కూల్లో సీట్లలో 67 శాతం ఆ రాష్ట్రం వారికి, 33 శాతం ఇతర రాష్ట్రాల వారికి కేటాయిస్తారు. వాటిలో మళ్లీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, రక్షణ సిబ్బంది పిల్లల కోటాలు ఉంటాయి. బాలికలకు సీట్లు వేరు. అందువల్ల ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి కోరుకొండలో సీటు వచ్చి, మరొకరికి ఎక్కడా రాకపోవచ్చు. కౌన్సెలింగులో స్కూలు కేటాయించిన తరువాత కూడా వైద్య పరీక్షలో నెగ్గాలి, ధ్రువపత్రాల తనిఖీ పూర్తి కావాలి. కంటిచూపు దగ్గరో, కుల ధ్రువపత్రం దగ్గరో ఆగిపోయిన పిల్లలు కోచింగ్ సెంటర్ల ఫొటోల్లో మాత్రం చిరునవ్వుతోనే కనిపిస్తారు. దీనికి తోడు, 2022 నుంచి ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యంతో కొత్త సైనిక్ స్కూళ్లు వచ్చాయి. వాటి ఫీజులు, వసతులు కోరుకొండ, కలికిరి స్కూళ్ల లాగే ఉండాలని లేదు. 'సైనిక్ స్కూల్ సీటు' అన్న మాట ఇప్పుడు ఒక్క స్కూలును సూచించదు.

కాబట్టి పరీక్ష రాసినవారు, అర్హులైనవారు, స్కూలు కేటాయింపు పొందినవారు, చివరికి చేరినవారు అని నాలుగు వేర్వేరు అంకెలు ఉంటాయి. ఫ్లెక్సీ మీద 'సెలెక్షన్లు' అన్న ఒకే మాట కింద ఇందులో ఏ అంకె ఉందో చదివేవారికి తెలియదు. దాదాపు ఎప్పుడూ రెండోదే ఉంటుంది.

నవోదయ విషయంలో ఈ గందరగోళం తక్కువ. అక్కడ ఎంపిక జాబితా నేరుగా వస్తుంది. ఒక్కో జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లే ఉంటాయి, వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకే. అంటే ఒక విద్యాలయానికి సంబంధించి పట్టణంలోని అన్ని సెంటర్ల 'నవోదయ విజేతల' సంఖ్యలను కూడినా 80 దాటకూడదు. దాటిందంటే ఒకే పిల్లవాడు రెండు మూడు ఫ్లెక్సీల మీద ఉన్నాడన్నమాట. ఫొటోలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తేలిపోయే విషయమిది.

పచ్చి అంకెను పండుగా అమ్మే సీజన్

సంస్థలు అర్హుల అంకెనే వాడడానికి కారణం అత్యాశ ఒక్కటే అనుకుంటే సగమే అర్థమైనట్లు. మిగతా సగం క్యాలెండర్లో ఉంది. సైనిక్ పరీక్ష మామూలుగా జనవరిలో జరుగుతుంది. 2024లో జనవరి 28న, 2026లో జనవరి 18న జరిగింది. 2025లో మాత్రం ఏప్రిల్ 5న జరిగింది. కోచింగ్ సెంటర్ల అడ్మిషన్ల కాలమేమో మార్చి నుంచి జూన్ దాకా. పరీక్ష జనవరిలో జరిగిన ఏడాది కూడా అడ్మిషన్లు జోరందుకునే నాటికి చేతిలో ఉండేవి స్కోర్ కార్డులే. కౌన్సెలింగ్ విడతలు, వైద్య పరీక్షలు, ఆ తరువాత చేరికలు అన్నీ ముగిసి నాలుగో అంకె తేలేసరికి సీజన్ ముగింపుకు వస్తుంది. 2025లో స్కోర్ కార్డులే ఆలస్యమయ్యాయి. అంటే తల్లిదండ్రులకు నిజంగా పనికొచ్చే అంకె అన్నింటికంటే ఆలస్యంగా పండుతుంది, అమ్మకానికి కావలసిన అంకె అన్నింటికంటే ముందు కావాలి. ఆ ఖాళీని పూడ్చడానికి అర్హుల జాబితా దొరుకుతుంది.

ఈ చిక్కుకు నిజాయితీగల పరిష్కారం ఒకటి ఉంది, కానీ దాన్ని వాడే సెంటర్లు అరుదు. ఈ ఏడాది పచ్చి అంకెకు బదులు కిందటేడాది పూర్తయిన అంకెను ప్రకటించడం. 'గత సంవత్సరం చేరినవారు' అన్న శీర్షిక పాతబడినట్లు అనిపిస్తుందని, పక్క వీధి సెంటర్ ఈ ఏడాది అంకె వేస్తే తాము వెనకబడినట్లు కనిపిస్తుందని యజమానుల భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

చట్టం వైపు నుంచి చూస్తే పరిస్థితి మారింది. 2024 నవంబరు 13న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. విజేత ఫొటో వాడితే ఆ విద్యార్థి ఏ కోర్సు చదివాడో, ఎంతకాలం చదివాడో, డబ్బు కట్టి చదివాడో లేదో చెప్పాలి. ఎంపికైన తరువాతే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అడ్మిషన్ ఫారం మీద చేరేటప్పుడే పెట్టించుకునే సంతకం అందుకు చెల్లదు. షరతులు, వివరణలు ప్రధాన ప్రకటన అక్షరాల సైజులోనే ఉండాలి. సీటు గ్యారంటీ అనే మాటలు, 'కొద్ది సీట్లే మిగిలాయి' అనే ఉత్తుత్తి తొందరపెట్టడాలు కుదరవు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఢిల్లీలోని కొన్ని సివిల్స్ కోచింగ్ సంస్థలకు జరిమానా పడింది ఇలాంటి కారణానికే. ఇంటర్వ్యూ ముందు ఉచిత మార్గదర్శనానికి వచ్చిన అభ్యర్థులను, ఆ సంగతి దాచి, తమ పూర్తి కోర్సు విజేతలన్నట్లు అవి ప్రకటించుకున్నాయి. మన దగ్గర ఆ పాత్రను పోషించేది 'టెస్ట్ సిరీస్'. ఏడాదంతా ఒక సెంటర్లో చదివి, చివరి రెండు నెలలు ఆదివారం మోడల్ పరీక్షలు రాయడానికి మరో సెంటరుకు వెళ్లిన పిల్లవాడు రెండింటికీ విజేతే అవుతాడు.

ఈ మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకే వర్తిస్తాయి. విజయనగరంలో పెద్ద సెంటర్లన్నీ ఆ పరిధిలోకి వచ్చేవే. మరో ఇబ్బందికరమైన విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా మార్గదర్శకాలు 16 ఏళ్లలోపు పిల్లలను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దంటున్నాయి. ఆ నిబంధన ఉన్నదున్నట్లుగా అమలైతే సైనిక్ కోచింగ్ అనే వ్యాపారమే నిలవదు. ఇలాంటి రంగంలో తన బ్రాండును పదేళ్లు నిలబెట్టుకోవాలనుకునే సంస్థకు అధికారుల దృష్టిలో, ఊరి దృష్టిలో మంచిపేరు అలంకారం కాదు, అవసరం.

88 ఎలా తయారైందంటే

ఒక ఊహా సంస్థను తీసుకొని లెక్క చూద్దాం. కోట జంక్షన్ ప్రాంతంలో ఒక సెంటర్ ఉందనుకుందాం. సంవత్సరమంతా చదివే పిల్లలు 120 మంది, చివరి రెండు నెలలు టెస్ట్ సిరీసుకు మాత్రమే వచ్చినవారు 30 మంది. మొదటి గుంపులో 112 మంది పరీక్ష రాశారు, 62 మంది అర్హత పొందారు. రెండో గుంపు అప్పటికే వేరేచోట తర్ఫీదు పొందినది, పైగా పట్టుదల గలవారే ఇలాంటి అదనపు పరీక్షలకు వస్తారు కాబట్టి 30 మందిలో 26 మంది అర్హత పొందారు. ఫ్లెక్సీ సిద్ధం: '88 మంది సైనిక్ విజేతలు'.

కౌన్సెలింగ్ ముగిసేనాటికి ఏడాదంతా చదివిన వారిలో 16 మందికి ఏదో ఒక స్కూలు కేటాయింపు జరిగింది. వారిలో ఇద్దరు వైద్య పరీక్షలో ఆగిపోయారు, ఒకరి ధ్రువపత్రం సరిపోలేదు, మరో ఇద్దరి ఇళ్లవాళ్లు దూరపు రాష్ట్రంలో వచ్చిన సీటు వద్దనుకున్నారు. మిగిలిన 11 మంది చేరారు. 88 అన్నది ఇప్పుడు సరిగ్గా ఎనిమిదో వంతుకు దిగింది. ఇందులో పచ్చి అబద్ధం ఎక్కడా లేదు, 88 మందీ పరీక్షలో నిజంగానే అర్హులు. కానీ ఫ్లెక్సీ చూసి బిడ్డను చేర్పించిన తండ్రి తన మనసులో వేసుకున్న లెక్క 120లో 88, అంటే నలుగురిలో ముగ్గురికి సీటు. అసలు లెక్క 120లో 11, అంటే పదకొండు మందిలో ఒకరికి. సంస్థ చెప్పిన మాటకూ తండ్రి విన్న మాటకూ మధ్య ఉన్న ఈ దూరమే మరుసటి ఏడాది ఆ సంస్థ మీద పడే అప్పు.

విచిత్రమేమిటంటే, 120లో 11 అన్నది సిగ్గుపడవలసిన ఫలితం కాదు. సీట్లు పరిమితం, పోటీ దేశవ్యాప్తం. అయితే 88 అని ముందే వేసినవాడు ఆ తరువాత 11 అని చెప్పలేడు. మొదటే 11 అని చెప్పినవాడికి మాత్రం ఇంకా చెప్పుకోవడానికి చాలా ఉంటుంది. మిగతా 109 మంది ఏమయ్యారు, వారి గణితం మార్కులు జూన్ నుంచి డిసెంబరుకు ఎంత పెరిగాయి, వారిలో నవోదయలో ఎందరు, తిరిగి తమ బడుల్లో ఆరో తరగతిలో ఎక్కడ నిలిచారు. పెద్ద అంకె వేసిన సంస్థకు ఈ కథంతా చెప్పుకునే దారి మూసుకుపోతుంది.

మాస్టారి పేరు ఎవరి ఆస్తి

300 మార్కుల్లో 150 గణితానివే కాబట్టి ఈ రంగంలో లెక్కల మాస్టారే హీరో. కరపత్రం మీద ఆయన పేరు ముందుంటుంది. ఫోన్ చేసిన తల్లిదండ్రులు అడిగే రెండో ప్రశ్న ఆయన గురించే. సమస్య ఏమిటంటే ఆ పేరు సంస్థది కాదు, ఆయనది. మూడేళ్లు ఆయన ఫొటోతో పెంచిన బ్రాండు నాలుగో ఏడు వేసవిలో ఆయనతో పాటు లేచి, రెండు వీధుల అవతల కొత్త బోర్డు కింద కూర్చుంటుంది. దానికి భయపడి కొందరు యజమానులు మాస్టార్ల పేర్లే చెప్పరు, 'హైదరాబాద్ ఫ్యాకల్టీ' అని ఊరుకుంటారు. పేరు లేని ఖ్యాతిని ఎవరూ నమ్మరు, నమ్మవలసిన అవసరమూ లేదు.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. మాస్టారి గొప్పతనం కాకుండా ఆయన గంటలను ప్రకటించడం. ఎవరు ఏ సబ్జెక్టు, వారానికి ఎన్ని గంటలు, ఎన్నో సెక్షనుకు చెబుతారో నోటీసు బోర్డు మీద పెట్టడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, చాలాచోట్ల పేరున్న మాస్టారు 'స్పెషల్ బ్యాచ్'కు మాత్రమే వెళతారు, మిగతా సెక్షన్లకు డిగ్రీ ఇప్పుడే ముగించిన కుర్రవాళ్లు చెబుతారు. ఫీజు కట్టేటప్పుడు తల్లిదండ్రులకు ఈ తేడా తెలియదు, దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడి నోట తెలుస్తుంది. గంటల పట్టిక ముందే చూపించిన సంస్థకు ఆ ప్రమాదం ఉండదు. అదే పట్టిక మాస్టారి నిష్క్రమణ నుంచి కూడా కొంత కాపాడుతుంది. ఆయన వెళ్లిపోయినా వారంలో ఇన్ని గంటల గణితం, ఇన్ని ఆదివారం పరీక్షలు, తప్పుల నోటుపుస్తకం అనే పద్ధతి సంస్థలోనే ఉంటుంది. తల్లిదండ్రులు కొన్నది ఆ పద్ధతి అయితే వారు కంగారుపడరు, ఆయన ముఖం అయితే ఆయన వెంట వెళతారు.

తప్పుల నోటుపుస్తకం అన్నాను కదా, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఎడమ పేజీలో పిల్లవాడు పరీక్షలో తప్పు చేసిన లెక్క, కుడి పేజీలో అదే లెక్క మళ్లీ అతని చేతిరాతలో, కింద మాస్టారి ఎర్ర సిరా పొడి అక్షరాలు, తేదీ. భిన్నాల దగ్గర ఆగస్టులో చేసిన తప్పు అక్టోబరులో మళ్లీ చేశాడా లేదా అన్నది అయిదు నిమిషాల్లో ఎవరికైనా తెలుస్తుంది. పెద్దగా చదువుకోని తల్లి కూడా ఎర్ర సిరా ఉందో లేదో చూడగలదు. నా ఉద్దేశంలో ఏ అధ్యాపకుడి ఖ్యాతికైనా ఇంతకు మించిన రుజువు ఫ్లెక్సీ మీద అచ్చు కాదు.

డిసెంబరు ఆదివారం

తల్లిదండ్రుల నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు సంస్థలు సీసీ కెమెరాలు, భోజనం మెనూ, ఫోన్ చేసుకునే వేళలు చెబుతాయి. అవన్నీ కావాలి. హాస్టల్లో పిల్లవాడికి జ్వరం వస్తే ఇంటికి ఎంతసేపట్లో ఫోన్ వెళుతుందన్నది ఏ ర్యాంకు కన్నా ముందు తేలవలసిన విషయం. కానీ ఈ కోచింగులో నమ్మకానికి అసలు పరీక్ష మరోచోట ఉంది. నెలకొకసారి వచ్చే ఆదివారాల్లో, మెంటాడ నుంచో ఆమదాలవలస నుంచో బస్సెక్కి వచ్చిన తండ్రి ఆఫీసు గదిలో కూర్చొని, 'మాస్టారూ, మావోడికి సీటొస్తాదా రాదా, ఉన్నమాట చెప్పండి' అని అడిగిన క్షణంలో ఉంది.

ఆ ప్రశ్నకు సంస్థ దగ్గర సమాధానం ఉంటుంది. డిసెంబరు నాటికి పిల్లవాడు కనీసం పదిహేను, ఇరవై మోడల్ పరీక్షలు రాసి ఉంటాడు. అతని కోటాలో కిందటేడాది చివరి సీటు దాదాపు ఎన్ని మార్కుల దగ్గర ఆగిందో సెంటరుకు తన పాత విద్యార్థుల ద్వారా తెలిసే ఉంటుంది. 300కు 170 దగ్గర ఊగుతున్న పిల్లవాడికి, తన కోటాలో కావలసినది 230 దాకా ఉంటే, నెల రోజుల్లో అరవై మార్కులు పెరగడం సాధ్యం కాదని మాస్టారికి తెలుసు. అయినా చాలాచోట్ల వచ్చే సమాధానం 'కష్టపడుతున్నాడండి, చూద్దాం'. ఎందుకంటే చివరి వాయిదా ఫీజు ఇంకా రావాలి, పైగా సీటు రాకపోతే మరో ఏడాది చదివించవచ్చు.

ఈ 'మరో ఏడాది' అన్నదే సున్నితమైన చోటు. సైనిక్ ఆరో తరగతికి వయసు పరిమితి 10 నుంచి 12 ఏళ్ల మధ్య కాబట్టి రెండోసారి రాసే వీలు కొందరికి ఉంటుంది. నవోదయ ఆరో తరగతి పరీక్ష మాత్రం ఒక్కసారే రాయనిస్తారు. రెండో ప్రయత్నం సంస్థకు రెండో ఏడాది ఫీజు, పిల్లవాడికి బడి చదువులో ఒక ఏడాది వెనకబాటు. దీన్ని ఎవరికి సలహా ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న నిర్ణయంలో సంస్థ స్వప్రయోజనం, పిల్లవాడి ప్రయోజనం నేరుగా ఢీకొంటాయి. సీటు మార్కుకు పదీ పదిహేను మార్కుల దూరంలో ఆగిన పిల్లవాడికి రెండో ప్రయత్నం అర్థవంతం. అరవై మార్కుల దూరంలో ఉన్నవాడికి కాదు. ఆ గీతను ముందే గీసుకొని, అడ్మిషన్ రోజునే రాతపూర్వకంగా తల్లిదండ్రులకు ఇచ్చే సంస్థ ఉంటే, డిసెంబరు ఆదివారం ఆ సంభాషణ మాస్టారి మొహమాటం మీద ఆధారపడదు.

ఫీజు వాపసు సంగతీ ఇలాంటిదే. విద్యాశాఖ నమూనా మార్గదర్శకాల ప్రకారం, మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి ఫీజును, హాస్టల్, మెస్ డబ్బుతో సహా, 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. సంవత్సరానికి 90,000 రూపాయలు కట్టిన పదేళ్ల పిల్లవాడు ఇంటి మీద బెంగతో నాలుగో నెలలో వెళ్లిపోయాడనుకుందాం. పది నెలల కోర్సులో ఆరు నెలలు మిగిలితే 54,000 తిరిగి రావాలి. ఆ డబ్బు అడగకముందే ఇచ్చిన సెంటర్ పేరు ఆ ఊళ్లో, ఆ బస్సులో, ఆ చుట్టాల పెళ్లిలో ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కగట్టడం కష్టం. ఇవ్వని సెంటర్ పేరు అంతకంటే ఎక్కువసార్లు వినిపిస్తుందన్నది మాత్రం తెలిసిందే. వాపసు రానివారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

పక్క వీధిలో 88 ఉండగా

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్న. మన ఊహా సంస్థ బుద్ధిగా '120లో 11' అని వేసింది, పక్క వీధిలో మరొకరు '88' అని వేశారు. మొదటి సీజన్లో మొదటి సంస్థకు ఫోన్లు తగ్గుతాయి. దీన్ని కాదనడం ఆత్మవంచన. ఊరికి కొత్తగా వచ్చిన, ఎవరినీ అడగలేని తల్లిదండ్రులు పెద్ద అంకె వైపే వెళతారు.

అయితే ఆ నష్టాన్ని తగ్గించే పద్ధతి ఉంది. 11 మందికి 11 వరుసలు ఇవ్వాలి. ప్రతి వరుసలో పిల్లవాడి పేరు, ఊరు, చేరిన స్కూలు, మా దగ్గర చదివిన కాలం. కోరుకొండకు ఎందరు, కలికిరికి ఎందరు, కొత్త సైనిక్ స్కూళ్లకు ఎందరు అన్నది విడిగా. కింద అదే సైజు అక్షరాల్లో 'ఏడాదంతా చదివినవారు 120' అన్న మాట. ఇలాంటి ఫ్లెక్సీ 88 కంటే చిన్నగా ఉంటుంది, కానీ చూసేవారికి ఒక కొలబద్ద చేతికిస్తుంది. దాన్ని చదివిన తండ్రి పక్క వీధికి వెళ్లి 'మీ 88 మందిలో చేరినవారెందరండి, మీ దగ్గర మొత్తం ఎందరు చదివారు' అని అడుగుతాడు. పోటీదారు అంకెను విమర్శించకుండానే దాని విలువ తగ్గించే మార్గం ఇదొక్కటే అని నా అభిప్రాయం. పిల్లలు మైనర్లు కాబట్టి పేరు, ఊరు వేసే ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తప్పదు, అదీ సీటు వచ్చాకే. ఒప్పుకోనివారి వరుసలో పేరు లేకుండా స్కూలు మాత్రం వేయవచ్చు.

ప్రకటనల ఖర్చును కూడా కదిలించాలి. ఫ్లెక్సీలకు, లోకల్ కేబుల్ స్క్రోలింగుకు పెట్టే డబ్బులో కొంత తీసి లెక్కల విభాగంలో రెండో మాస్టారి జీతానికి, హాస్టల్లో రాత్రిపూట ఉండే వార్డెనుకు పెడితే, ఆ ఖర్చు తల్లిదండ్రులకు కనిపించే తీరు వేరుగా ఉంటుంది. అది ఒక్క సీజన్లో ఫలితమివ్వదు. ఇలాంటి మార్పు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి అడ్మిషన్ ఫారంలో ఒక గడి చాలు: 'మా గురించి ఎవరు చెప్పారు?' ఆ గడిలో ఫ్లెక్సీ, పాత విద్యార్థి తల్లిదండ్రులు, అన్న లేదా అక్క ఇక్కడే చదివారు అని మూడు ఐచ్ఛికాలు ఇచ్చి ఏటా లెక్కపెట్టాలి. మరీ ముఖ్యంగా, పాత విద్యార్థి తల్లిదండ్రుల ద్వారా వచ్చినవారిలో ఆ పాత విద్యార్థికి సీటు వచ్చిందా రాలేదా అన్నది విడిగా రాసుకోవాలి. సీటు వచ్చిన కుటుంబం ఏ సెంటరునైనా మెచ్చుకుంటుంది. సీటు రాని 109 కుటుంబాల్లో ఎన్ని మరొకరిని పంపాయో చెప్పే ఆ ఒక్క అంకె కోసం యజమాని రెండు మూడు జూన్ నెలలు వేచి చూడవలసి ఉంటుంది.